పని ఒక పేజీకి, బరువు అన్ని పేజీలకీ

వర్డ్‌ప్రెస్ సైటు మెల్లగా తెరుచుకుంటోందని తెలిసినవాళ్ళెవరికైనా చెప్పి చూడండి. ముందుగా వచ్చే ప్రశ్న, "ప్లగిన్లు ఎన్నున్నాయి?" ముప్ఫై అన్నామా, "అదీ సంగతి, సగం పీకెయ్యండి" అంటారు. సగం తీసేస్తాం. ఒక్కోసారి సైటు నిజంగానే పుంజుకుంటుంది. ఒక్కోసారి ఇసుమంతైనా మారదు. తీసిన సగంలో ఏవేం పోయాయి, ఉంచిన సగంలో ఏవేం మిగిలాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది ఇదంతా. లెక్కపెట్టడం తేలిక గనక లెక్కపెడతాం గానీ, ప్లగిన్ల సంఖ్య చెప్పేది తక్కువే.

వర్డ్‌ప్రెస్ 2003 మే నెలలో మొదలైంది. ప్లగిన్ల ఏర్పాటు ఆ మరుసటి ఏడాది, 1.2 వెర్షన్‌తో వచ్చింది. అసలు సాఫ్ట్‌వేర్‌ని చిన్నదిగా ఉంచి, ఎవరికి కావలసిన హంగు వాళ్ళు తగిలించుకునే వీలు కల్పించడమే దాని ఉద్దేశం. ఇవాళ wordpress.orgలో ఉచితంగా దొరికే ప్లగిన్లే యాభై వేల పైచిలుకు. కోడ్ ఒక్క ముక్క రానివాళ్ళు కూడా దుకాణాలూ పత్రికలూ ఇంటర్నెట్‌లో నడుపుకుంటున్నారంటే అది వీటి చలవే. సైటు మందగించడానికి మూలం కూడా వీటిని తగిలించే పద్ధతిలోనే ఉంది.

సైటులోని ఒక పేజీని ఎవరైనా అడగ్గానే సర్వర్‌లో పీహెచ్‌పీ ప్రోగ్రాం మొదటి నుంచి మొదలవుతుంది. నిమిషం కిందట ఇంకొకరి కోసం చేసిన పని దానికి గుర్తుండదు. ముందు wp-config.php చదివి డేటాబేస్‌ని అందుకుంటుంది. తర్వాత wp-settings.php దగ్గర, wp_options అనే టేబుల్‌లో active_plugins పేరుతో ఉన్న జాబితా తీస్తుంది. అందులో ఉన్న ప్రతి ప్లగిన్ ముఖ్య ఫైలునూ వరసగా తెరిచి చదువుతుంది. ఇదంతా జరిగేటప్పటికి, వచ్చినవాళ్ళు అడిగింది ఏ పేజీయో వర్డ్‌ప్రెస్ ఇంకా తేల్చుకోనే లేదు. వాళ్ళు అడిగింది నాలుగు వాక్యాల 'మా గురించి' పేజీయే కావచ్చు. అయినా ఫారం ప్లగిన్, స్లైడర్ ప్లగిన్, కూపన్ల ప్లగిన్ అన్నీ లేవాల్సిందే. ఇంటికి ఎవరి కోసం ఎవరొచ్చి కాలింగ్ బెల్ నొక్కినా ఇంటిల్లిపాదీ లేచి గుమ్మం దగ్గరికి రావడం లాంటిది ఇది.

లేచాక ఏం చేస్తారన్నది వాళ్ళ వాళ్ళ తీరు. పొందికగా రాసిన ప్లగిన్, "ఫారం ఉన్న పేజీ వస్తే నన్ను పిలవండి" అని పేరు నమోదు చేసుకుని పక్కకు తప్పుకుంటుంది. ఈ నమోదునే వర్డ్‌ప్రెస్ వాళ్ళు హుక్ అంటారు. అలాంటి ప్లగిన్ ఖర్చు చాలా స్వల్పం. ఇప్పటి సర్వర్లు ఒకసారి చదివిన పీహెచ్‌పీ ఫైళ్ళను జ్ఞాపకంలో దాచుకుంటాయి కూడా. అడ్డదిడ్డంగా రాసిన ప్లగిన్ మాత్రం తన అవసరం ఉందో లేదో చూడకుండా ప్రతిసారీ డేటాబేస్‌ని తవ్వుతుంది, ప్రతి పేజీకీ తన ఫైళ్ళు అంటిస్తుంది. అందుకే ఒద్దికైన నలభై ప్లగిన్లున్న సైటు, మొండివి ఐదున్న సైటు కంటే చురుగ్గా ఉండడంలో వింతేమీ లేదు.

సమయం ఎక్కడ పోతుంది

మొదటి చోటు డేటాబేస్. ప్రతి ప్లగిన్ తన సెట్టింగులను wp_options టేబుల్‌లో దాచుకుంటుంది. వాటిలో 'ఆటోలోడ్' గుర్తున్నవన్నీ ప్రతి పేజీకీ ఒక్క దెబ్బలో జ్ఞాపకంలోకి వచ్చేస్తాయి. చిన్న సెట్టింగులకు ఇది మంచి ఏర్పాటే, ఒక్కో దానికీ విడిగా ప్రశ్న వెయ్యనక్కర్లేదు. కానీ కొన్ని ప్లగిన్లు తమ లాగ్‌లనూ, లైసెన్స్ వివరాలనూ, మొత్తం ఫాంట్ల జాబితానూ ఇందులోనే కుక్కుతాయి. కొత్త వెర్షన్లలో ఈ ఆటోలోడ్ సామాను 800 కిలోబైట్లు దాటితే Tools మెనూలోని Site Health పేజీ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళే ఎక్కువ.

సందర్శకుల లెక్క చూపే ప్లగిన్లది ఇంకో రకం. ఎవరైనా పేజీ తెరవగానే ఇవి డేటాబేస్‌లో ఒక వరస రాస్తాయి. చదవడం కంటే రాయడం ఖరీదైన పని. రద్దీ పెరిగేకొద్దీ ఆ టేబుల్ లక్షల వరసలకు చేరుతుంది. లెక్క చూపించాల్సినప్పుడు అదంతా గాలించాలి.

రెండో చోటు బయటి సర్వర్లు. పేజీ తయారవుతుండగా మధ్యలో ఆగి, ఇన్‌స్టాగ్రామ్ ఫోటోల కోసమో లైసెన్స్ తనిఖీ కోసమో వేరే సర్వర్‌ని పలకరించే ప్లగిన్లున్నాయి. జవాబొచ్చే దాకా పేజీ కదలదు. అవతలి సర్వర్ మూగనోము పడితే వర్డ్‌ప్రెస్ మామూలుగా 5 సెకన్లు ఎదురుచూస్తుంది. "రోజంతా బాగానే ఉంటుంది, ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది" అనే ఫిర్యాదు వెనక తరచుగా ఉండేది ఇదే. జాగ్రత్తగా రాసిన ప్లగిన్ ఆ ఫోటోలను ఒకసారి తెచ్చుకుని కొన్ని గంటలపాటు దాచుకుంటుంది.

మూడో చోటు చూసేవాళ్ళ ఫోను. చాలా ప్లగిన్లు తమ జావాస్క్రిప్టునూ సీఎస్ఎస్‌నూ సైటులోని అన్ని పేజీలకూ జతచేస్తాయి. తన ఫారం ఏ పేజీలో ఉంటుందో ప్లగిన్ ముందే పసిగట్టలేదు గనక అన్నిట్లోనూ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందని రాసినవాళ్ళ ధీమా. ఎంతో పేరున్న కాంటాక్ట్ ఫామ్ 7 కూడా మామూలుగా ఇలాగే చేస్తుంది. ఫైలు దిగడంతో పని అయిపోదు, ఫోను ఆ జావాస్క్రిప్టును చదివి నడపాలి కూడా. ఖరీదైన ఫోనులో కనిపించని ఈ ఆలస్యం సాధారణ ఆండ్రాయిడ్ ఫోనులో బాగా తెలుస్తుంది. పేజీ వచ్చినట్టే ఉంటుంది, వేలితో నొక్కితే పలకదు.

"కాషింగ్ ప్లగిన్ ఉంది కదా, ఇవన్నీ ఎందుకు?" అనే ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి, తర్వాతి వాళ్ళకు అదే ఇవ్వడం కాషింగ్. వార్తల సైటుకో వ్యాసాల పత్రికకో ఇది ప్రాణం పోస్తుంది. దుకాణం దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తుంది. కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలు మనిషికొక రకంగా ఉండాలి గనక వాటిని దాచకూడదు. కార్ట్‌లో వస్తువు పడగానే ఆ కొనుగోలుదారుకు అన్ని పేజీలనూ కాష్ లేకుండానే ఇచ్చే ఏర్పాట్లూ ఉన్నాయి. అంటే ఊరికే చూసిపోయేవాళ్ళకు సైటు చకచకా తెరుచుకుంటుంది, డబ్బు చెల్లించబోయేవాళ్ళకు నత్తనడక నడుస్తుంది. పైగా కాష్ చేసిన పేజీలోనూ ఆ అనవసరపు జావాస్క్రిప్టు అంతా అలాగే ఉంటుంది.

ఒక చీరల దుకాణం

మంగళగిరి చేనేత చీరలు అమ్మే చిన్న సైటు ఒకటి ఊహించుకుందాం. వూకామర్స్ మీద నడుస్తోంది. నాలుగేళ్ళుగా ఎవరు ఏది అడిగితే అది తగిలిస్తూ పోగా ఇప్పుడు 31 ప్లగిన్లు ఉన్నాయి. చీర పేజీ తెరిస్తే నిదానం, చెకౌట్ ఇంకా నిదానం. కింద చెప్పే అంకెలు ఉదాహరణకోసమే అయినా, ఇలాంటి సైట్లలో మామూలుగా కనిపించే తీరుకు దగ్గరగా ఉంటాయి.

ముందుగా పూర్తి బ్యాకప్ తీసుకోవాలి. తర్వాత స్టేజింగ్, అంటే సైటుకు ఒక నకలు. చాలా హోస్టింగ్ సంస్థల ప్యానెల్‌లో దీనికి బటన్ ఉంటుంది. లేకపోతే Health Check & Troubleshooting అనే ప్లగిన్ ఉంది. దాని ట్రబుల్‌షూటింగ్ పద్ధతిలో ప్లగిన్లన్నీ మీ ఒక్కరికే ఆగిపోయినట్టు కనిపిస్తాయి, సైటు చూసే మిగతావాళ్ళకు ఏమీ మారదు.

ఆ తర్వాత ఒక కాగితం మీద 31 పేర్లూ రాసి, ఒక్కో దాని పక్కన రెండు సంగతులు రాయాలి. ఇది ఏ పేజీలో పని చేస్తుంది? దీన్ని తీసేస్తే ఎవరు ఫోన్ చేసి అడుగుతారు? రెండో ప్రశ్నకు జవాబు దొరకని పేర్లు మీరు అనుకున్నదానికంటే ఎక్కువే తేలతాయి.

ఇక కొలత. Query Monitor అనే ఉచిత ప్లగిన్ పెట్టుకుంటే, అడ్మిన్‌గా లాగిన్ అయి ఏ పేజీ చూసినా పైపట్టీలో నాలుగు అంకెలు కనిపిస్తాయి: పేజీ తయారీకి పట్టిన సమయం, వాడిన జ్ఞాపకం, డేటాబేస్‌కు పోయిన సమయం, వేసిన ప్రశ్నల సంఖ్య. లాగిన్ అయి ఉన్నప్పుడు సాధారణంగా పేజీ కాష్ పనిచేయదు కాబట్టి ముసుగు తీసిన సైటు కనిపిస్తుంది. ఒకే పేజీని నాలుగైదు సార్లు తిరిగి తెరిచి మధ్యస్థంగా ఉన్న అంకె తీసుకోవాలి, ఒక్క కొలతను నమ్మకూడదు. మన చీర పేజీకి 2.4 సెకన్లు, 310 ప్రశ్నలు వచ్చాయనుకుందాం.

ఆ పట్టీ నొక్కితే కిందనుంచి వివరాలు తెరుచుకుంటాయి. అందులో Queries by Component చూస్తే డేటాబేస్ సమయాన్ని ఏ ప్లగిన్ ఎంత తింటోందో వరసగా ఉంటుంది. 'ఇలాంటి మరిన్ని చీరలు' చూపే ప్లగిన్ అన్నిటికంటే పైన ఉంది. చీరల రంగు, నేత, ధర అన్నీ పోల్చి ప్రతిసారీ కొత్తగా వెతుకుతోంది. వర్డ్‌ప్రెస్‌లో ఇలాంటి వివరాలు ఉండే wp_postmeta టేబుల్‌లో విలువల గడికి ఇండెక్స్ ఉండదు. వెతికితే వరసవరసా చూడాల్సిందే. ఇంతా చేసి, సంబంధిత వస్తువులు చూపే సదుపాయం వూకామర్స్‌లోనే ఉంది. రెండో స్థానంలో సందర్శకుల లెక్క ప్లగిన్. ఆ పని గూగుల్ ఎనలిటిక్స్ ముందే చేస్తోంది. HTTP API Calls అనే భాగం తెరిస్తే, ఫుటర్‌లోని ఇన్‌స్టాగ్రామ్ ఫోటోల కోసం ప్రతి పేజీకీ బయటికి ఒక పిలుపు, దానికి 0.9 సెకను. చీర కొనబోయేవాళ్ళలో అంత కిందికి స్క్రోల్ చేసి ఆ ఫోటోలు చూసేవాళ్ళు ఎందరో దుకాణదారే చెప్పాలి. ఒక మామూలు లింకు చాలు.

ఒక జాగ్రత్త. Query Monitor ప్లగిన్ల వారీగా చూపేది డేటాబేస్ సమయమే. ఒక ప్లగిన్ పీహెచ్‌పీలో లెక్కలేస్తూ సమయం తింటుంటే ఆ జాబితాలో కనిపించదు. అనుమానం ఉన్నదాన్ని స్టేజింగ్‌లో ఆపి, మళ్ళీ కొలిచి తేడా చూడడమే దారి.

తర్వాత Scripts, Styles భాగాలు. చీర పేజీలో అవసరం లేని ఫైళ్ళ జాతర కనిపిస్తుంది. హోం పేజీలో మాత్రమే ఉన్న స్లైడర్ ఫైళ్ళు ఇక్కడా ఉన్నాయి. వాట్సాప్ బటన్ ప్లగిన్ తన సొంత ఐకాన్ల ఫాంటుతో సహా దిగింది. ఆ బటన్ చేసే పనికి నిజంగా కావలసింది ఒక్క లింకు:

```html
<a href="https://wa.me/91XXXXXXXXXX">వాట్సాప్‌లో అడగండి</a>
```

తెలుగు ఫాంట్ల ప్లగిన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒత్తులూ గుణింతాలూ కలిసిన రూపాలన్నీ ఇమడాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు కంటే బరువుగా ఉంటుంది. అలాంటివి రెండు మూడు దించి, వాడేది ఒకటే. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఫాంటు, విండోస్‌లో నిర్మల ముందే ఉన్నాయి. శీర్షికలకు ఒక అందమైన ఫాంటు దించుకుంటే తప్పులేదు గానీ, చీర కొలతలూ ధరా చదివించడానికి ఫోనులో ఉన్న అక్షరాలు చాలు. థీమ్‌లో ఒక్క వరస రాస్తే ఆ ప్లగిన్ అవసరం తీరిపోతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. సంబంధిత చీరలు, సందర్శకుల లెక్క, ఇన్‌స్టాగ్రామ్, స్లైడర్, వాట్సాప్, ఫాంట్లు కలిపి ఆరు పోయాయి. స్లైడర్ చోటులో ఒక్క మంచి ఫోటో పెట్టారు. ఫోటోలను ఆలస్యంగా దించే లేజీ లోడ్ ప్లగిన్, సైట్‌మ్యాప్ ప్లగిన్ మరో రెండు. ఈ రెండు పనులూ 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్సే చేస్తోంది. పాత ప్లగిన్లు ఆ సంగతి తెలియనట్టే కూర్చున్నాయి. కాషింగ్ ప్లగిన్లు రెండుంటే ఒకటి తీశారు. ఒకే ఫైళ్ళను రెండూ కుదించబోతే పేజీ అతుకులబొంత అవుతుంది. పేజీకి నకలు తీసేదీ, థంబ్‌నెయిళ్ళు మళ్ళీ తయారుచేసేదీ, డెమో సరుకు దింపేదీ ఎప్పుడో ఒకసారి వాడి మరిచిపోయినవి. అవి మూడు. మొత్తం 12 పోగా 19 మిగిలాయి.

ఆ చివరి మూడూ తీసినందుకు వేగం ఏమీ పెరగలేదు. అవి పనిచేసేది అడ్మిన్ పేజీల్లో మాత్రమే. ఎప్పుడూ ఇలాంటి తేలికవాటినే ముందు తీసి, "ఏం తీసినా లాభం లేదు" అని విసిగి వదిలేసేవాళ్ళున్నారు. వాటిని తీయాల్సింది వేగం కోసం కాదు, భద్రత కోసం. వాడని ప్లగిన్‌కి ఎవరూ అప్‌డేట్లు చూడరు. అసలు గుణం కనిపించింది మొదటి ఆరింటితోనే. చీర పేజీ 0.9 సెకనుకూ, ప్రశ్నలు 140కీ దిగాయి.

మిగిలినవాటిలో కాంటాక్ట్ ఫామ్ 7 కావాలి, కానీ 'సంప్రదించండి' పేజీలోనే కావాలి. చైల్డ్ థీమ్ functions.php ఫైలులో ఈ నాలుగు ముక్కలు చేరిస్తే మిగతా పేజీలకు దాని భారం తప్పుతుంది:

```php
add_action( 'wp_enqueue_scripts', function () {
    if ( ! is_page( 'contact' ) ) {
        wp_dequeue_script( 'contact-form-7' );
        wp_dequeue_style( 'contact-form-7' );
    }
}, 99 );
```

ఇక్కడ contact అన్నది ఆ పేజీ చిరునామాలో ఉండే పేరు, మీ సైటులో ఏముందో అది రాసుకోవాలి. ఫారం ఫుటర్‌లో ఉండి అన్ని పేజీల్లోనూ కనిపించే సైటైతే ఈ కోడ్ పెట్టకండి. ఫారం పంపడం దెబ్బతింటుంది.

తీసేటప్పుడు ఒక్కొక్కటిగా తీయాలి. పదీ ఒకేసారి ఆపి, ఏదో చెడితే ఎవరు దోషో తెలియదు. ఒకటి ఆపగానే హోం పేజీ, ఒక చీర పేజీ, కార్ట్, చెకౌట్, ఫారం చూడాలి. చెల్లింపుల గేట్‌వేని టెస్ట్ మోడ్‌లో పెట్టి ఒక ఆర్డర్ చివరిదాకా వేసి చూడాలి. జీఎస్టీ బిల్లు ఈమెయిల్‌కు వచ్చిందో లేదో కూడా. ప్లగిన్ ఆగాక పాత పేజీల్లో `[slider id="3"]` లాంటి ముక్కలు అక్షరాలుగా బయటపడతాయి. అవి షార్ట్‌కోడ్‌లు, వాటికి అర్థం చెప్పే ప్లగిన్ లేకపోయేసరికి అలాగే మిగిలిపోతాయి. Pages జాబితాలోని వెతికే పెట్టెలో `[slider` అని కొట్టి ఉన్నచోటల్లా తీసెయ్యాలి. పేజీ బిల్డర్ మీద కట్టిన సైటులో మాత్రం ఆ బిల్డర్‌ని సరదాగా ఆపి చూడకండి. పేజీల రూపమంతా దాని మీదే నిలబడి ఉంటుంది. దాన్ని వదిలించుకోవడమంటే సైటును కొత్తగా కట్టుకోవడమే. అందుకు బదులు దానికి తగిలించిన యాడ్ఆన్ ప్యాకుల్లో వాడనివాటిని తగ్గించుకోవచ్చు.

చెల్లింపుల గేట్‌వే, బ్యాకప్, భద్రత ప్లగిన్ల జోలికి వేగం పేరుతో వెళ్ళనక్కర్లేదు. బ్యాకప్ ప్రతి పేజీకీ జరిగే పని కాదు, దాని సమయాన్ని రాత్రికి మార్చుకుంటే సరి.

కొత్తది పెట్టేముందు

ప్లగిన్ పేజీలో అందరూ ముందు చూసేది నక్షత్రాలు. నా మట్టుకు వాటికి పెద్ద విలువ లేదు. Last updated ఎప్పుడన్నది చూడండి. వర్డ్‌ప్రెస్ గత మూడు పెద్ద వెర్షన్లతో పరీక్షించలేదన్న హెచ్చరిక పైన కనిపిస్తే అక్కడే ఆగండి. సపోర్ట్ విభాగంలోకి వెళ్ళి slow అని వెతికితే వాడినవాళ్ళు ఏమంటున్నారో, రాసినవాళ్ళు జవాబిస్తున్నారో లేదో తెలిసిపోతుంది. లక్షల మంది వాడుతున్నారన్నది కూడా పూర్తి భరోసా కాదు. 2017లో డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్‌ను రెండు లక్షలకు పైగా సైట్లు వాడుతుండగా దాని యజమాని అమ్మేశారు. కొన్నవాళ్ళు అందులో హానికరమైన కోడ్ చేర్చారు. wordpress.org దాన్ని తొలగించాల్సి వచ్చింది.

ఇవేవీ వేగం గురించి చెప్పవు. దానికి పరీక్ష ఒకటే, పది నిమిషాల పని. కొత్త ప్లగిన్‌ని స్టేజింగ్‌లో పెట్టి, దానికి ఏ పనీ లేని పేజీ తెరవండి. ఫారం ప్లగిన్ అయితే ఫారం లేని పేజీ, కూపన్ల ప్లగిన్ అయితే 'మా గురించి' పేజీ. Query Monitorలో ముందు ఉన్న అంకెలూ ఇప్పటి అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. పనిలేని పేజీలో కూడా కొత్త ప్రశ్నలూ కొత్త ఫైళ్ళూ దిగుతున్నాయంటే దాన్ని అక్కడే వదిలేసి ఇంకొకటి వెతుక్కోవడం మేలు. పనున్న పేజీలో కాస్త సమయం తీసుకుంటే ఒప్పుకోవచ్చు, దాన్ని పెట్టుకున్నదే అందుకు. అన్ని పనులూ ఒక్కటే చేస్తానని చెప్పే భారీ ప్లగిన్ల విషయంలోనూ ఇదే కొలబద్ద. వాడని విభాగాలను ఆపేసే వీలుండి, ఆపినవి నిజంగా లోడ్ కావడం మానేస్తే ఐదు చిన్నవాటి కంటే అదొక్కటే నయం. ఆపినా ఫైళ్ళు దిగుతుంటే కాదు.

పోయినవి వదిలి వెళ్ళేవి

Deactivate నొక్కితే ప్లగిన్ ఆగుతుంది, దాని ఫైళ్ళు సర్వర్‌లోనే ఉంటాయి. Delete నొక్కితే ఫైళ్ళు పోతాయి, డేటాబేస్‌లో దాచుకున్నవి చాలాసార్లు ఉండిపోతాయి. తుడిచి వెళ్ళే ఏర్పాటును ప్లగిన్ రాసినవాళ్ళే పెట్టాలి, చాలామంది పెట్టరు. కొందరు పెట్టినా సెట్టింగుల్లో 'తీసేసేటప్పుడు డేటా కూడా తీసెయ్యి' అన్న గడిలో టిక్ పెడితేనే పనిచేస్తుంది. అందుకే Delete నొక్కేముందు ఆ ప్లగిన్ సెట్టింగులు ఒకసారి తెరిచి చూడడం మంచిది. తీసెయ్యడానికి ముందు ఒకటి రెండు వారాలు ఆపి ఉంచితే, నెలకోసారి మాత్రమే వాడే పని ఏదైనా దానిమీద ఆధారపడి ఉందేమో కూడా బయటపడుతుంది.

ఎప్పుడో పోయిన ప్లగిన్ల ఆటోలోడ్ సామాను ఇంకా ప్రతి పేజీకీ లోడ్ అవుతూనే ఉండవచ్చు. phpMyAdminలో ఇది నడిపితే పెద్దవి ముందు కనిపిస్తాయి:

```sql
SELECT option_name, LENGTH(option_value) AS size
FROM wp_options
WHERE autoload IN ('yes','on','auto','auto-on')
ORDER BY size DESC
LIMIT 20;
```

కొన్ని సైట్లలో టేబుల్ పేరు ముందు wp_ బదులు వేరే అక్షరాలుంటాయి, అవి పెట్టుకోవాలి. ఈ కోడ్ చూపిస్తుందే తప్ప దేన్నీ చెరపదు. ఆ పేర్ల మొదట్లో ఉండే అక్షరాలను బట్టి ఏది ఏ ప్లగిన్‌దో చాలావరకు గుర్తుపట్టవచ్చు. అలా గుర్తుపట్టి, ఆ ప్లగిన్ ఇప్పుడు లేదని రూఢి చేసుకున్నాకే, అదీ బ్యాకప్ చేతిలో ఉంచుకుని చెరపండి. rewrite_rules, cron లాంటివి వర్డ్‌ప్రెస్ సొంతవి, వాటి జోలికి వెళ్ళవద్దు.

పని అయ్యాక Query Monitorని కూడా ఆపెయ్యండి, కొలిచేటప్పుడు అదీ కొంత సమయం తీసుకుంటుంది. ఇంతా చేశాక కాష్ లేని పేజీ ఇంకా రెండు సెకన్లు దాటుతుంటే ప్లగిన్ల వెంట పడడం ఆపండి. Site Healthలో Info తెరిచి పీహెచ్‌పీ వెర్షన్ చూడండి. అక్కడ 7.4 అని ఉంటే, దానికి భద్రతా అప్‌డేట్లు 2022 నవంబరులోనే ఆగిపోయాయి. స్టేజింగ్‌లో సరిచూసుకుని హోస్టింగ్ ప్యానెల్ నుంచి 8 వరసలోని కొత్త వెర్షన్‌కి మార్చండి. అప్పటికీ కదలకపోతే మార్చాల్సింది హోస్టింగ్.